రాజీ డిక్రీ: సంతకం పడ్డాక మిగిలేది ఒకే తలుపు

సివిల్ కోర్టులో పోట్లాడి ఓడినవాడికి అప్పీలు ఉంటుంది. జడ్జి సాక్ష్యాన్ని తప్పుగా చదివారనో, చట్టాన్ని తప్పుగా అన్వయించారనో పై కోర్టు మెట్లెక్కవచ్చు. అదే దావాను రాజీ చేసుకుని డిక్రీ తీసుకున్నవాడికి మాత్రం ఆ అప్పీలు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ మూడో ఉపవిభాగం, పార్టీల సమ్మతితో వచ్చిన డిక్రీపై అప్పీలు కుదరదని తేల్చి చెప్పింది. ఏళ్ళ తరబడి నడిచిన విచారణ తర్వాత వచ్చే తీర్పు కంటే, వాయిదా రోజు మధ్యాహ్నం లాయరు గుమాస్తా టైపు చేసి తెచ్చిన నాలుగు పేజీల రాజీ పిటిషన్ గట్టిదన్నమాట. ఈ సంగతి కక్షిదారుల్లో చాలామందికి సంతకం పెట్టాకే తెలుస్తోంది.

రాజీ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పంపకాల దావాల్లో రాజీయే మేలని నేను నమ్ముతాను. కానీ ఆ కాగితం కోర్టులో ఎలా నమోదవుతుందో, అందులో ఏ మాట ఎందుకు ఉండాలో, తర్వాత దాన్ని కదపడం ఎందుకంత కష్టమో తెలిసి సంతకం చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

ఒక ఊహా దావా తీసుకుందాం. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఇద్దరన్నలు, ఒక చెల్లెలు. తండ్రి స్వార్జితం 6 ఎకరాలు: రోడ్డు పక్కన 4 ఎకరాలు, చెరువు కింద 2 ఎకరాలు. చెల్లెలు మూడో వంతు వాటా కోరుతూ దావా వేసింది. చట్టప్రకారం ఆమెకు 2 ఎకరాలు రావాలి. రెండేళ్ళు వాయిదాలు తిరిగాక పెద్దమనుషులు కూర్చోబెట్టారు. చెల్లెలికి 1 ఎకరం 50 సెంట్ల భూమి, రెండు విడతల్లో 6 లక్షల రూపాయలు, పైగా చిన్నన్న తన పేర కొనుక్కున్న 150 గజాల ఇంటి స్థలం ఇవ్వాలని కుదిరింది. ఆ స్థలం దావాలో లేదు. మిగిలిన భూమి అన్నలది.

ఇది డిక్రీగా మారేది ఇరవై మూడో ఆర్డరు, 3వ రూలు కింద. 1976లో ఈ రూలును సవరించారు, ఆ సవరణ 1977 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నోటిమాట రాజీని కూడా కోర్టులు నమోదు చేసేవి. రాజీ కుదిరిందని ఒకడు, లేదని ఇంకొకడు, మళ్ళీ దానిమీద ఓ విచారణ. సవరణ తర్వాత ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, పార్టీలు సంతకం చేయాలి, అది చట్టబద్ధమైనదై ఉండాలి. ఈ మూడూ ఉన్నాయని కోర్టుకు తృప్తి కలగాలి. ఇంకో దారి, ప్రతివాది వాది కోరికను ముందే పూర్తిగానో కొంతవరకో తీర్చేయడం. బాకీ దావాలో డబ్బు కట్టేస్తే అలా ముగుస్తుంది. ఆ రెండో దారికి రాతపూర్వక ఒప్పందం అక్కర్లేదు. ఈ తేడాను గుర్‌ప్రీత్ సింగ్ కేసులో 1987లో సుప్రీంకోర్టు వివరించింది. మన అన్నాచెల్లెళ్ళది మొదటి దారి. కోర్టులో నిలబడి 'ఒప్పుకున్నాం' అని నోటితో చెప్పి, ఆ మాటలు రాయించుకుంటే చాలదు.

'పార్టీలు సంతకం చేయాలి' అంటే లాయరు చేస్తే చాలదా? ఇక్కడ చాలామంది పొరబడతారు. బైరాం పెస్టన్‌జీ గరీవాలా కేసులో (1991) సుప్రీంకోర్టు, వకాలతు ఉన్న న్యాయవాది సంతకం పార్టీ సంతకంతో సమానమే అంది. వకాలతునామాలో 'రాజీ చేసుకొనుటకు అధికారము ఇచ్చితిని' అన్న వాక్యం అచ్చు ఫారంలోనే ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. తర్వాతి తీర్పుల్లో, కక్షిదారు స్పష్టమైన అనుమతి లేకుండా లాయరు హక్కులు వదులుకోకూడదన్న హెచ్చరికా ఉంది. అందుకే అనుభవమున్న న్యాయవాదులు కక్షిదారు చేతే ప్రతి పేజీపై సంతకం చేయిస్తారు. అదే మంచి పద్ధతి. పార్టీ సంతకం లేని రాజీ ఎప్పటికీ అనుమానంగానే ఉంటుంది, ఆ అనుమానం చివరికి లాయరు మెడకే చుట్టుకుంటుంది.

అందరు పార్టీలూ ఒప్పుకోవాలన్నది ఇంకో ముఖ్యమైన షరతు. పంపకాల దావాలో ఐదుగురు వాటాదారులుంటే ముగ్గురు కలిసి రాజీ రాసుకుని మొత్తం ఆస్తిని పంచేసుకోలేరు. ప్రశాంత కుమార్ సాహూ కేసులో (2023) సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: మిగిలినవాళ్ళ లిఖితపూర్వక సమ్మతి లేకుండా కొందరు చేసుకున్న రాజీ చట్టబద్ధం కాదు. మన దావాలో పెద్దన్న చనిపోయి, అతని భార్య, మైనరు కొడుకు రికార్డులోకి వచ్చి ఉంటే లెక్క ఇంకా మారుతుంది. మైనరు తరఫున తల్లి సంతకం చేస్తే సరిపోదు. ముప్పై రెండో ఆర్డరు 7వ రూలు ప్రకారం, ఈ రాజీ పిల్లవాడి మేలుకేనని అఫిడవిట్ వేసి కోర్టు అనుమతి తీసుకోవాలి. న్యాయవాది ఉంటే ఆయన సర్టిఫికెట్ కూడా ఉండాలి. అనుమతి లేని రాజీని ఆ పిల్లవాడు రద్దు చేయించుకోవచ్చు, మిగతావాళ్ళు మాత్రం దానికి కట్టుబడాల్సిందే.

ఇప్పుడు వాయిదా రోజుకు వద్దాం. ఓ.ఎస్. నంబరు పిలుస్తారు. అన్నలు, చెల్లెలు ముందుకొస్తారు. వాళ్ళు వాళ్ళేనని లాయర్లు గుర్తిస్తారు, ఆధార్ నకళ్ళు పెడతారు. జడ్జి ఒక్కొక్కరినీ అడుగుతారు: ఈ సంతకం మీదేనా, ఇందులో ఏముందో తెలుసా, ఎవరైనా బలవంతం చేశారా. రాజీ పిటిషన్ ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించాలి. తర్వాత డాకెట్ షీటు మీద ఆర్డరు పడుతుంది: ఇరుపక్షాలూ హాజరు, న్యాయవాదులు గుర్తించారు, షరతులు చదివి తెలుగులో వివరించగా నిజమని ఒప్పుకున్నారు, రాజీ నమోదు చేయడమైనది, రాజీ షరతుల ప్రకారం దావా డిక్రీ చేయడమైనది, రాజీ పిటిషన్ డిక్రీలో భాగంగా ఉండాలి. ఈ నాలుగైదు వాక్యాలే తర్వాత అన్నిటికీ ఆధారం. చెల్లెలు రేపెప్పుడో 'నాకు తెలియకుండా జరిగింది' అంటే మొదట తెరిచేది ఈ షీటే. 'చదివి వివరించగా' అన్న మాట అందులో ఉంటే ఆమె పని కష్టం. లేకపోతే, ఆమె అసలు హాజరే కాలేదని కనబడితే, కొంత ఆశ ఉంది.

కోర్టు తృప్తి అన్నది లాంఛనం కాదు, కాకూడదు. బిజీగా ఉన్న కోర్టులో యాభై కేసుల మధ్య ఇది రెండు నిమిషాల పని అయిపోవడం నేను చూస్తున్నాను, అది నన్ను బాధపెడుతుంది. దావా మొత్తంలో ఒక తటస్థ వ్యక్తి ఆ చెల్లెలిని నేరుగా 'నీకు ఇది ఇష్టమేనా' అని అడిగే క్షణం ఇదొక్కటే. దాన్ని తూతూమంత్రంగా ముగించే కోర్టు, తర్వాత పదేళ్ళ వివాదానికి తానే పునాది వేస్తున్నట్టు.

షరతుల రాతలో మన అన్నాచెల్లెళ్ళు ఎక్కడ తప్పు చేయగలరో చూద్దాం. మొదటిది భూమి. 'వాదికి 1 ఎకరం 50 సెంట్లు' అని రాసి ఊరుకుంటే, అది రోడ్డు పక్కదా, చెరువు కిందిదా? సర్వే నంబరు, సబ్ డివిజన్, నాలుగు హద్దులు, వీలైతే ప్లాను, ఇవన్నీ షెడ్యూలుగా చేర్చాలి. రేపు అన్నలు స్వాధీనం ఇవ్వకపోతే ఆమె ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఈ.పీ. వేస్తుంది. అమలు చేసే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్ళలేదు. అందులో లేని హద్దును తాను కలపలేదు. అమీను ఊళ్ళోకి వెళ్ళి ఎక్కడ రాయి పాతాలో తెలియక తిరిగి వస్తాడు.

రెండోది డబ్బు. మొదటి విడత ఏ తేదీకి, రెండోది ఏ తేదీకి, చెక్కా, బ్యాంకు బదిలీయా, తప్పితే ఏమవుతుంది? 'తప్పితే 12 శాతం వడ్డీతో వసూలు చేసుకోవచ్చు' అని రాస్తే ఆమెకు ఈ.పీ. ఉంది. 'రెండో విడత ముట్టాకే వాది తన మిగిలిన హక్కు వదులుకున్నట్టు' అని రాస్తే ఆమె చేతిలో పట్టు ఉంటుంది. ఏమీ రాయకపోతే అన్నలకు వడ్డీ లేని అప్పు దొరికినట్టే. గడువు పొడిగించమని కోర్టును అడిగినా అంత సులువు కాదు. సమ్మతితో రాసుకున్న గడువును కోర్టు తనంత తాను మార్చదు, అరుదైన పరిస్థితుల్లో తప్ప.

మూడోది ఆ 150 గజాల స్థలం. దావాలో లేని ఆస్తిని రాజీలో చేర్చవచ్చా? 1976 సవరణ తర్వాత చేర్చవచ్చు. షరతు ఆ దావా పార్టీలకు సంబంధించినదైతే చాలు. డిక్రీలోకి వస్తుంది, అమలవుతుంది. కానీ రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ఊరుకోదు. రాజీ మీద వచ్చిన డిక్రీలో, దావాకు సంబంధించని స్థిరాస్తి ఉంటే ఆ మేరకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దావాలో ఉన్న ఆస్తి విషయంలోనూ, అంతకుముందే ఉన్న హక్కును గుర్తిస్తేనే మినహాయింపు. రాజీ ద్వారా కొత్తగా హక్కు పుట్టిస్తే కాదని 1995లో భూప్ సింగ్ కేసు చెప్పింది. 2024 డిసెంబరులో ముకేశ్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ అదే మాటంది. చెల్లెలికి 6 ఎకరాల్లో వాటా వారసత్వంగా ఉన్నదే, కాబట్టి అక్కడ చిక్కు లేదు. చిన్నన్న స్వార్జిత స్థలంలో ఆమెకు ముందు హక్కు ఏమీ లేదు. ఆ డిక్రీ నకలును నాలుగు నెలల్లోగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి, లేదా విడిగా గిఫ్ట్ డీడు రాయించుకోవాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ స్థలం అమ్మబోయినప్పుడు కొనేవాళ్ళ లాయరు దస్తావేజు అడుగుతాడు, ఆమె దగ్గర ఉండేది చెల్లని కాగితం.

ఇంకొకటి, పంపకాల దావాల్లో మాత్రమే వచ్చేది. హద్దులతో సహా పంపకం ముగిస్తే అది తుది డిక్రీ. తుది డిక్రీని స్టాంపు కాగితం మీద రాయించుకోవాలి, అప్పుడే అమలవుతుంది. స్టాంపులు దాఖలు చేయకుండా ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు. డిక్రీ అమలుకు ఉన్న 12 ఏళ్ళ గడువు స్టాంపులు కట్టిన రోజు నుంచి కాదు, డిక్రీ తేదీ నుంచే నడుస్తుందని చిరంజీలాల్ కేసులో 2005లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

రెండేళ్ళు గడిచాయనుకుందాం. రోడ్డు పక్క భూమి ధర మూడింతలైంది. చెల్లెలికి ఆ రోడ్డు వైపు భూమి రాలేదు. మోసపోయానని ఆమె అనుకుంటోంది. ఇప్పుడు ఏ తలుపు తట్టాలి?

అప్పీలు లేదని ముందే చూశాం. కొత్త దావా వేసి 'ఆ రాజీ చెల్లదు' అనవచ్చా? అదే ఆర్డరులో 3ఎ రూలు అడ్డుపడుతుంది: రాజీ చట్టబద్ధం కాదన్న కారణంతో ఆ డిక్రీని రద్దు చేయమని దావా వేయరాదు. దావా రాతలో తెలివి చూపించి తప్పించుకోవడమూ కుదరదు. హైదరాబాదు పరిసరాల ఆస్తికి సంబంధించిన శ్రీ సూర్య డెవలపర్స్ కేసు ఇందుకు ఉదాహరణ. 2016లో వచ్చిన రాజీ డిక్రీ తనకు కట్టుబాటు కాదంటూ ఒక పక్షం వేరే దావా వేసింది. కింది కోర్టు ప్లెయింటునే తిరస్కరించింది. హైకోర్టు దాన్ని తిరగదోడింది. 2022లో సుప్రీంకోర్టు కింది కోర్టు చెప్పిందే సరి అంది. స్వాధీనం, డిక్లరేషన్ వంటి ఇతర కోరికలు ఎన్ని చేర్చినా, వాటన్నిటి మూలం రాజీ చెల్లదన్న మాటే అయినప్పుడు ఆ దావా నిలబడదు.

మిగిలిన తలుపు ఒకటే: రాజీని నమోదు చేసిన ఆ కోర్టే. 3వ రూలు కిందనే ఒక షరతు ఉంది. రాజీ జరిగిందని ఒకరు, జరగలేదని మరొకరు అంటే ఆ ప్రశ్నను ఆ కోర్టే తేల్చాలి. దాని వివరణలో, కాంట్రాక్టు చట్టం కింద చెల్లనిది గానీ, రద్దు చేయదగినది గానీ అయిన ఒప్పందం చట్టబద్ధం కాదని రాశారు. ఈ రెండూ కలిపి చదివి, డిక్రీ అయ్యాక కూడా ఆ కోర్టును అడిగి దాన్ని వెనక్కి తీసుకోమనవచ్చని 1992లో బన్వారీలాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2006 నాటి పుష్పాదేవి భగత్ కేసు దాన్ని స్పష్టంగా నాలుగు మాటల్లో చెప్పింది: సమ్మతి డిక్రీపై అప్పీలు లేదు, వేరే దావా లేదు, ఆ కోర్టు దగ్గరే అడగాలి, అది రద్దు చేసేదాకా డిక్రీ చెల్లుతుంది, పార్టీలను కట్టిపడేస్తుంది.

కాబట్టి చెల్లెలు మొదట చేయవలసింది రాజీ పిటిషన్, డాకెట్ ఆర్డరు, డిక్రీ మూడింటి సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టడం. తర్వాత అదే ఓ.ఎస్.లో అఫిడవిట్‌తో ఐ.ఏ. వేయడం. 'మోసం జరిగింది' అని ఒక వాక్యం రాస్తే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు, అది ఎందుకు అబద్ధం, తను ఎప్పుడు తెలుసుకుంది, వివరంగా రాయాలి. అన్నలు కౌంటరు వేస్తారు. ఆమె బోను ఎక్కాలి, క్రాస్ ఎదుర్కోవాలి. రుజువు భారం ఆమెదే.

ఆమె చెప్పే కారణాన్ని బట్టి ఫలితం మారుతుంది. ధర పెరిగిందన్నది కారణమే కాదు. బేరం తర్వాత చేదైనంత మాత్రాన మోసం కాదు. రెండో రకం: ఆ రోడ్డు భూమి అమ్మకానికి అన్నలు అప్పటికే ఎవరితోనో ఒప్పందం చేసుకుని, చెల్లెలితో 'దానికి బేరమే లేదు' అన్నారనుకోండి. ఇది అబద్ధం, మోసపు వాదన నిలబడే చోటు. అయితే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అన్నలు తెలిసి కావాలని అబద్ధం ఆడలేదని, తెలియక తప్పు చెప్పారని తేలితే, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగినవాళ్ళకు ఆ రద్దు హక్కు లేదు. ఆ ఒప్పందం రిజిస్టరై ఉంటే ఈసీ తీస్తే కనబడేదే. అన్నలు ఆ మినహాయింపు వెనక దాక్కుంటారు. రిజిస్టరు కాని ఒప్పందమైతే ఆమె వాదన బలపడుతుంది. మూడో రకం అన్నిటికన్నా గట్టిది: ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుని, ఆ రోజు ఆమెను కోర్టుకు రానివ్వకుండా, వేరే ఎవరినో చూపించడం. అది నిరూపిస్తే డిక్రీ నిలవదు. అసైన్డ్ భూమిని బదిలీ చేసే రాజీ కూడా అంతే. ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల చట్టం (1977) నిషేధించిన దాన్ని ఇద్దరి సంతకాలు చట్టబద్ధం చేయలేవు.

ఈ వాదనలన్నిటినీ దెబ్బతీసేది ఆమె ప్రవర్తనే కావచ్చు. మొదటి విడత 3 లక్షలు తీసుకుని, భూమి పట్టా మార్పించుకుని, పంట అమ్ముకుని, రెండో ఏడాదిలో 'రాజీ చెల్లదు' అంటే కోర్టు ముందు అడిగేది ఆ డబ్బు గురించే. మోసం తెలిసిన వెంటనే కదలాలి. మిగతా డబ్బు తీసుకోకూడదు.

గెలిస్తే ఏమొస్తుందో కూడా ముందే తెలుసుకోవాలి. డిక్రీ రద్దయితే ఆమెకు 2 ఎకరాలు వచ్చినట్టు కాదు. దావా ఆగిన చోట మళ్ళీ మొదలవుతుంది. తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. సాక్ష్యం నమోదు, వాదనలు, అన్నీ మళ్ళీ మామూలే.

అదే రాజీ లోక్ అదాలత్‌లో జరిగి ఉంటే ఆ ఒక్క తలుపు కూడా మారిపోయేది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మోసం జరిగిందన్నా సివిల్ దావా వేయకూడదు, హైకోర్టులో రిట్టే దారి అని సుప్రీంకోర్టు 2008లో జలౌర్ సింగ్ కేసులో, తెలంగాణ నుంచి వెళ్ళిన భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2017లో చెప్పింది. జిల్లా కోర్టు ప్రాంగణంలో ఒక ఆదివారం పెట్టిన సంతకాన్ని కదపడానికి హైకోర్టుకు వెళ్ళాలి. రిట్టులో సాక్షుల విచారణ మామూలుగా ఉండదు, మోసాన్ని కాగితాల మీదే చూపించాలి. ఆ కష్టం తక్కువ కాదు.

చట్టం ఇలా బిగించడంలో తప్పు లేదని నా అభిప్రాయం. రాజీని సులువుగా విప్పే వీలుంటే ధర పెరిగిన ప్రతి ఎకరానికీ పాత దావా లేస్తుంది. అయితే ఈ బిగింపు న్యాయంగా నిలవాలంటే నమోదు రోజు కోర్టు అడిగే ప్రశ్నలు నిజమైనవి కావాలి. ఆ పని జడ్జిదీ, లాయరుదీ. కక్షిదారుదీ ఒకటుంది.

రాజీకి సిద్ధపడుతున్న పాఠకులకు నా విన్నపం: ఆ పిటిషన్ నకలు సంతకానికి ముందు రోజే అడిగి తీసుకోండి. ఇంటికి తెచ్చుకుని, కుటుంబంలో ఆ భాష చదవగలిగినవాళ్ళ చేత చదివించుకోండి. షెడ్యూలు హద్దుల్ని పొలంలో నడిచి సరిచూసుకోండి, ఈసీ తీయించండి. కోర్టులో జడ్జి అడిగినప్పుడు, ఒక్క షరతు అర్థం కాకపోయినా, 'అర్థం కాలేదు, వాయిదా ఇప్పించండి' అని ఆ రోజే చెప్పండి.